రాత్రి డ్యూటీ వద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం గురించి: బెంగళూరులోని తెలుగు హెచ్‌ఆర్ అధికారులకు, టీమ్ లీడ్‌లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీదున్న ఒక సంస్థలో, నెట్‌వర్క్ పర్యవేక్షణ విభాగంలో ఐదేళ్ళుగా పనిచేస్తున్నాను. మాది అనంతపురం జిల్లా. మా విభాగంలో మూడు షిఫ్టులు ఉంటాయి: ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఒకటి, 2 నుంచి రాత్రి 10 వరకు ఒకటి, 10 నుంచి తెల్లవారి 6 వరకు ఒకటి. వారానికొకసారి అందరికీ షిఫ్టు మారుతుంది. నాకు రాత్రి డ్యూటీ వేయవద్దని డాక్టరు రాసిచ్చిన తరువాత, ఆ మాట రోస్టరులోకి ఎక్కడానికి మూడు ఉత్తరాలు, దాదాపు నాలుగు నెలలు పట్టాయి. మూడు ఉత్తరాల్లోనూ రోగి నేనే, రోగమూ అదే, డాక్టరూ ఆయనే. మారిందల్లా కారణాన్ని చెప్పిన తీరు. ఆ తీరు గురించే ఈ లేఖ రాస్తున్నాను. మీలో చాలామంది తెలుగువారే గనుక, ఇంగ్లీషు మెయిల్లో పొడిపొడిగా చెప్పి వదిలేసిన సంగతిని ఇక్కడ సావకాశంగా చెప్పగలుగుతున్నాను.

ముందు రోగం సంగతి చెబుతాను. వరుసగా ఐదో రాత్రి డ్యూటీ ముగించుకుని, క్యాబ్ కోసం గేటు దగ్గర నిలబడి టీ తాగుతుండగా, నా కుడిచెయ్యి దానంతటదే ఒక్క ఉదుటున పైకి ఎగిరింది. పేపరు కప్పులోని టీ అంతా చొక్కా మీద పడింది. పక్కనున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటర్మీడియట్ చదివేటప్పుడు పరీక్షల కోసం రాత్రంతా మేలుకున్న మర్నాడు, పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి ఎగిరిపడేది. నీరసం అనుకుని అమ్మ రాగి జావ తాగించేది. టీ ఒలికిన రెండు వారాలకు, మళ్ళీ నైట్ షిఫ్టు నుంచి వచ్చి రెండు గంటలు పడుకుని లేచిన ఉదయమే, మారతహళ్ళిలో మా పీజీ బాత్రూము గుమ్మంలో స్పృహ తప్పి పడ్డాను. పక్క గది కుర్రాడు నా గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టి, ఆ తరువాత ఆటో పిలిచాడట. తాళాల వల్ల ఒరిగేదేమీ లేదని ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు గానీ, ఆటో పిలిచినందుకు అతనికి రుణపడి ఉన్నాను.

నరాల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, పొద్దున లేవగానే చేతిలోంచి వస్తువులు జారిపడతాయా అని. ఈఈజీ చూశాక ఆయన చెప్పిన పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. ఇది మూర్ఛలో ఒక రకం. సాధారణంగా కౌమారంలో మొదలవుతుంది, నిద్ర లేచిన కాసేపటికి చేతులు ఉలిక్కిపడినట్టు ఎగరడం దీని గుర్తు. చాలామందికి మాత్రలతో అదుపులో ఉంటుంది. అయితే నిద్ర తక్కువైతే, మాత్ర తప్పితే, మద్యం తాగితే, అదుపులో ఉన్నవాళ్ళకు కూడా ఫిట్స్ రావచ్చు. నాకు రాసిన లెవెటిరాసెటమ్ పొద్దునా రాత్రీ, పన్నెండు గంటల తేడాతో వేసుకోవాలి. వారం వారం పగలూ రాత్రీ తారుమారయ్యే మనిషికి నిద్రతో పాటు మాత్రల వేళ కూడా తప్పుతూ ఉంటుంది. ‘మాత్రలు వేసుకుంటున్నావు కదా, ఇంక నైట్ షిఫ్టుకేమి?’ అని మా టీమ్ లీడ్ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. మాత్ర, నిద్ర, రెండూ చికిత్సే. ఒకటి వేసుకుంటున్నాను గనుక రెండోది మానేయవచ్చనడం కుదరదు.

ఇక ఉత్తరాల సంగతి. మొదటిది నేనే రాశాను. ‘ఆరోగ్యం సరిగా లేనందున, నిద్ర సమస్యల వల్ల, వీలైనంతవరకు నైట్ షిఫ్టులు తగ్గించగలరని ప్రార్థన’ అన్నాను. రోగం పేరు చెప్పడానికి మొహమాటపడి అలా రాశాను. ఊళ్ళో ఫిట్స్ అన్నమాట బయటికొస్తే పెళ్ళి సంబంధాల దాకా పోతుందని మా ఇంట్లో భయం. దానికి వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది: నిద్ర సమస్య షిఫ్టుల్లో పనిచేసే అందరికీ ఉంటుంది, వీలును బట్టి చూస్తాం. అందులో హెచ్‌ఆర్ తప్పు నాకు పెద్దగా కనిపించదు. ‘వీలైనంతవరకు’ అన్నమాట నేనే రాశాను. వాళ్ళకు వీలు కాలేదు.

రెండో ఉత్తరం ఆసుపత్రిది. డాక్టరుగారు ఓపీ రద్దీలో, సొరుగులోంచి అచ్చు ఫారం ఒకటి తీసి నింపి ఇచ్చారు. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళికి అనుబంధంగా ఇచ్చిన నమూనా అది. దాంట్లో రెండే రకాలు ఉన్నాయి. మొదటిది సెలవు కోసం: ఫలానా వ్యక్తి ఫలానా వ్యాధితో బాధపడుతున్నారు, ఫలానా తేదీ నుంచి ఇన్నాళ్ళు విధులకు దూరంగా ఉండటం అవసరం అని ఉంటుంది. రెండోది ఫిట్‌నెస్ కోసం: కోలుకున్నారు, విధుల్లో చేరవచ్చు అని ఉంటుంది. పని చేయగలడు, కానీ ఫలానా వేళల్లో వద్దు అని చెప్పడానికి ఆ రెండింటిలోనూ చోటు లేదు. డాక్టరుగారు మొదటి ఫారంలో వ్యాధి అన్నచోట రోగం పేరు పూర్తిగా రాసి, కింద మిగిలిన ఖాళీలో ‘నైట్ షిఫ్టులు మానుకోవలెను’ అని చేత్తో చేర్చారు.

ఆ కాగితం మీద మా సంస్థలో రెండు పనులు జరిగాయి. అది సెలవు ఫారం గనుక, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చేదాకా నన్ను మొత్తంగా డ్యూటీలోంచి తప్పించి, పదకొండు రోజులు నా సెలవుల ఖాతాలోంచి కోశారు. రోస్టరు వేసే అబ్బాయికి కారణం తెలియాలని ఆ స్కాన్ కాపీని మెయిల్లో జతచేసి పంపారు. అతని నుంచి అది టీమ్ లీడ్‌కు, అక్కణ్ణుంచి మా వాట్సాప్ గ్రూపుకు చేరింది. నేను తిరిగి వచ్చేసరికి క్యాంటీనులో ఎవరో నా ట్రే తామే మోస్తామన్నారు. అది దయే, కాదనను. కానీ అదే వారం ఒక క్లయింటు కాల్ నుంచి నన్ను తప్పించారు. కాల్ మధ్యలో ఏమైనా అయితే ఎలా అన్నారట.

ఇక్కడ నాకు అర్థమైన సంగతి ఇది. మొదటి కాగితం ఏమీ చెప్పలేదు, రెండోది చెప్పకూడనిదంతా చెప్పింది. కానీ రోస్టరు వేసే మనిషికి కావలసిన ఒక్క సంగతి, అంటే ఏ గంటల్లో నన్ను వేయకూడదు, ఎన్నాళ్ళు వేయకూడదు అన్నది, రెండింటిలోనూ లేదు. రోగం పేరు తెలిసినంత మాత్రాన రోస్టరు ఎలా వేయాలో తెలియదు. తెలియకపోగా, ఆ పేరు చుట్టూ ఎవరికి తోచిన భయాలు వాళ్ళు అల్లుకుంటారు.

అప్పటికి మిత్రుడొకడు ‘మైగ్రేన్ అని రాయించేసుకో, గొడవుండదు’ అన్నాడు. ఆ సలహా వినేవాళ్ళు ఇంకా ఉంటారు గనుక చెబుతున్నాను, అది వద్దు. తెలిసి తెలిసి నిజం కాని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం డాక్టరుకు అదే నియమావళి ప్రకారం దుష్ప్రవర్తన అవుతుంది. పైగా రేపు ఆఫీసులోనే నేను పడిపోతే, నా ఫైలులో మైగ్రేన్ అని ఉంటుంది. పేరు చెప్పకపోవడం వేరు, వేరే పేరు చెప్పడం వేరు.

మూడోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మా నెల రోస్టరు ప్రింటు, క్యాబ్ పికప్, డ్రాప్ వేళలతో సహా, తీసుకెళ్ళాను. అది చూసి డాక్టరుగారు నివ్వెరపోయారు. నైట్ షిఫ్టు వద్దంటే సరిపోతుందనే ఆయన అనుకున్నారు. కానీ ఉదయం 6 గంటల షిఫ్టుకు నా పికప్ 4:40కి. అంటే నేను నాలుగింటికే లేవాలి. రాత్రి 10కి ముగిసే షిఫ్టులో, ముగ్గురిని దింపుకుంటూ వచ్చే క్యాబ్‌లో నేను పీజీ చేరేసరికి 11:30 దాటుతుంది. మాత్ర వేసుకుని, తిని పడుకునేసరికి పన్నెండున్నర. వీటన్నిటి మీదా ఆన్‌కాల్ ఉండనే ఉంది, రాత్రి రెండింటికి ఫోను మోగితే లేచి లాప్‌టాప్ తెరవాలి. కాగితం మీద చూస్తే ఇందులో ఏదీ నైట్ షిఫ్టు కాదు, కానీ నా నిద్రకు మాత్రం అన్నీ నైట్ షిఫ్టులే. ఉదయం షిఫ్టు నాకు మరీ చెడ్డది, ఎందుకంటే నిద్ర చాలకుండా హఠాత్తుగా లేచిన ఆ మొదటి గంటే ఈ రకం మూర్ఛకు అదను.

కాబట్టి డాక్టరుగారు ఈసారి అచ్చు ఫారం పక్కన పెట్టి, సొంత లెటర్‌హెడ్ మీద రాశారు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

‘ఈ వ్యక్తి నా వైద్య పర్యవేక్షణలో ఉన్నారు. వీరి ఆరోగ్య స్థితి దృష్ట్యా ప్రతిరోజూ రాత్రి 11 గంటల నుంచి ఉదయం 6:30 వరకు అంతరాయం లేని నిద్ర వైద్యపరంగా అవసరం. కనుక ఆ వేళల్లో వీరికి డ్యూటీ, ఆన్‌కాల్, ఆఫీసు ప్రయాణం ఉండరాదు. ఈ ఒక్క పరిమితికి లోబడి, ప్రస్తుత ఉద్యోగంలోని విధులన్నీ పూర్తికాలం నిర్వర్తించడానికి వీరు అర్హులు. ఈ సలహా నేటి నుంచి ఆరు నెలలు వర్తిస్తుంది. ఆపై మళ్ళీ పరీక్షించి కొనసాగింపు గురించి తెలియజేస్తాను.’

కింద తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, నా సంతకం, నా గుర్తింపు చిహ్నం ఉన్నాయి. అంతే. ఈ ఆరు వాక్యాల్లో రోగం పేరు ఎక్కడా లేదు, అబద్ధమూ లేదు. ‘మానుకోవలెను’, ‘వీలైనంతవరకు’ అన్న జారుడు మాటలకు బదులు ‘ఉండరాదు’ అన్న ఖాయమైన మాట ఉంది. వేళలు అంకెల్లో ఉన్నాయి, ప్రయాణం కూడా ఆ వేళల్లోకే వచ్చింది. నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది నాలుగో వాక్యం. అది లేని కాగితాన్ని సెలవు చీటీగా చదువుతారు. అది ఉన్న కాగితం ‘ఇతను పనికి వస్తాడు’ అని చెబుతుంది. ఆరు నెలల గడువు పెట్టడం చూసి మొదట నేను నొచ్చుకున్నాను, నాకు బహుశా ఏళ్ళ తరబడి మాత్రలు తప్పవు కదా అని. కానీ గడువు లేని కోరికను మీరు శాశ్వత మినహాయింపుగా చూసి జంకుతారని, తిరిగి చూసే తేదీ ఉంటే ఒప్పుకోవడం తేలికని డాక్టరుగారే అన్నారు. ఆయన అన్నట్టే అయింది.

దానికి జతగా నేను రాసిన మెయిలు కూడా పొట్టిదే. జతచేసిన వైద్య సలహా మేరకు రాత్రి 11 నుంచి 6:30 మధ్య నన్ను వేయవద్దని కోరుతున్నాను, నైట్ అలవెన్సు పోతుందని తెలుసు, దానికి అంగీకరిస్తున్నాను, బదులుగా శని, ఆదివారాల పగటి డ్యూటీలు, సంక్రాంతి, ఉగాది పగటి డ్యూటీలు నాకు వేయవచ్చు అని రాశాను. ఈ చివరి మాట మర్యాద కోసం రాయలేదు. నేను చేయని రాత్రులు ఎవరో ఒకరు చేయాలి. ఆ ఎవరో ఒకరికి గుంటూరులో ఇల్లుంటుంది, పండక్కి వెళ్ళాలని ఉంటుంది. ఆ మెయిలు హెచ్‌ఆర్‌కు మాత్రమే పంపాను, టీమ్ లీడ్‌కు కాపీ పెట్టలేదు. వారం తిరిగేలోగా నాకు రెండు వారాలు ఉదయం 8 నుంచి సాయంత్రం 4, రెండు వారాలు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 వేశారు. మొదటిదానికి పికప్ 7:10కి, రెండోదానికి డ్రాప్ 10:30 లోపు.

ఇప్పుడు మిమ్మల్ని అడగదలచినవి చెబుతాను. మీ సంస్థలో సెలవు ఫారం ఉంది, ఫిట్‌నెస్ ఫారం ఉంది. పైన చెప్పిన లాంటి మూడో ఫారం ఒకటి, డాక్టరు నింపేందుకు, తయారుచేసి పెట్టండి. అందులో వ్యాధి పేరుకు గడి పెట్టకండి. ఏ వేళలు కుదరవు, ఏ పనులు కుదరవు, మిగతావి చేయగలరా, ఎంతకాలం, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అన్నవి చాలు. రద్దీలో ఉన్న డాక్టరు ముందు ఏ ఫారం ఉంటే అదే నింపుతారు. నా పదకొండు రోజుల సెలవులు పోయింది ఎవరి దురుద్దేశం వల్లా కాదు, ఎదురుగా తప్పు ఫారం ఉన్నందువల్ల.

కాగితం నిజమైనదేనా అన్న అనుమానం మీకు రావచ్చు, దొంగ సర్టిఫికెట్లు మీరు చూడనివి కావు. దానికి రోగం పేరు తెలియనక్కరలేదు. డాక్టరు తాను ఇచ్చే సర్టిఫికెట్ల రిజిస్టరు ఉంచాలి, ప్రతిదానికీ నకలు పెట్టుకోవాలి. కాబట్టి ఫలానా తేదీన ఈ కాగితం మీరిచ్చిందేనా అని ఆసుపత్రిని అడిగి తెలుసుకోవచ్చు. అంతకుమించి లోతు కావాలంటే, రోగి అనుమతితో మీ కంపెనీ డాక్టరు ఆ డాక్టరుతో మాట్లాడి, మీకు మాత్రం ‘పరిమితి సమంజసమే’ అన్న ఒక్క మాట తెచ్చి ఇవ్వవచ్చు. ఈఈజీ రిపోర్టులు, మందుల చీటీలు ఉద్యోగి ఫైలులో పెట్టమని అడగడం వల్ల మీకు తేలేదేమీ ఉండదు, కానీ వాటిని దాచే బాధ్యత మీ మీద పడుతుంది. ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు సున్నితమైన వ్యక్తిగత సమాచారమని 2011 నాటి ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ లెక్కన రోస్టరు వేసే అబ్బాయికి వెళ్ళవలసింది ఒక్క వరుసే: ఈ ఉద్యోగిని ఈ వేళల మధ్య ఫలానా తేదీ వరకు వేయరాదు. కారణం గడి ఖాళీగా ఉంటే అతని పని ఏమీ ఆగదు.

దీనికి హద్దులున్నాయి, అవి దాచను. నాది కుర్చీలో కూర్చుని తెరలు చూసే పని. టవరెక్కే వాడికో, వాహనం నడిపేవాడికో, తిరిగే యంత్రం దగ్గర నిలబడేవాడికో ఇదే రోగం ఉంటే, రాత్రి వేళలొక్కటే చెప్పి ఊరుకోవడం ప్రమాదం. అప్పుడు కూడా కాగితంలో ‘ఎత్తు మీద పని, డ్రైవింగ్ వద్దు’ అని పనుల పేర్లు రాస్తే చాలు, రోగం పేరు లేకపోయినా నడుస్తుంది. కానీ ఆ పనులు రాయకుండా వదలకూడదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అని నేరుగానే అడుగుతారు, అక్కడ నేరుగానే చెప్పాలి. నా స్కూటరు నేను తమ్ముడికి ఇచ్చేశాను.

చట్టం పేరు ఎత్తి మిమ్మల్ని బెదిరించే ఉద్దేశం నాకు లేదు, ఎత్తినా అది అంత గట్టిది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉద్యోగులకు సముచితమైన సర్దుబాట్ల గురించి మాట్లాడుతుంది గానీ, దాని షెడ్యూలులో మూర్ఛకు విడిగా పేరు లేదు. వైకల్య ధ్రువపత్రం లేని నాలాంటివాడి కోరిక ప్రధానంగా డాక్టరు మాట మీద, మీ విచక్షణ మీద ఆధారపడి ఉంది. అందుకే ఆ మాట ఎలా ఉండాలో ఇంత వివరంగా రాశాను.

నా పక్క సీట్లో కూర్చునే ఇద్దరికి మాత్రం నేనే రోగం పేరు చెప్పాను. పడిపోతే పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పండి, మెడ దగ్గర గుండీ వదులు చేయండి, నోట్లో ఏమీ పెట్టకండి, తాళాలు వెతకకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి అన్నాను. వాళ్ళకు అది తెలియాలి. రోస్టరుకు తెలియనక్కరలేదు. ఎవరికి చెప్పాలో ఎంచుకునే అవకాశం వాట్సాప్ గ్రూపు నా చేతిలోంచి ఒకసారి లాక్కుంది, రెండోసారి ఆ ఇద్దరి విషయంలో నేను తిరిగి తీసుకున్నాను. ఈ లేఖలో రోగం పేరు రాశాను గనుక నా పేరు రాయడం లేదు. ఆఫీసు కాగితంలో నా పేరు ఉంటుంది గనుక అక్కడ రోగం పేరు వద్దంటున్నాను.

నా ఆరు నెలల గడువు వచ్చే నెల 14తో ముగుస్తుంది. 9వ తేదీన డాక్టరు అపాయింట్‌మెంటు ఉంది. ఆలోగా మా సంస్థ మూడో ఫారం తయారుచేస్తే అదే నింపించుకుని వస్తాను. లేదంటే పాత ఉత్తరం నకలు తీసుకెళ్ళి, ఆ ఆరు వాక్యాలే కొత్త తేదీతో మళ్ళీ రాయమని అడుగుతాను.

ఇట్లు,
షిఫ్టు ఉద్యోగి ఒకరు,
మారతహళ్ళి, బెంగళూరు